పసికందు కోరింత దగ్గు: ఎరిత్రోమైసిన్ పోయి అజిత్రోమైసిన్ ఎలా వచ్చింది

నెల దాటిన పాపకు దగ్గని తీసుకెళ్తే, కోరింత దగ్గు అనుమానం వచ్చిన పిల్లల డాక్టరు పాపకు అజిత్రోమైసిన్ సిరప్ రాసి అక్కడితో ఆగరు. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఎవరు ఎత్తుకుంటారు అని అడిగి తల్లికి, అమ్మమ్మకి, అన్నకి కూడా మందు రాస్తారు. ముక్కు వెనక భాగం నుంచి తీసిన శాంపిల్ రిపోర్టు అప్పటికింకా వచ్చి ఉండదు. దగ్గు లేనివాళ్లకు మందెందుకు, రిపోర్టు రాకుండా తొందరెందుకు అని ఇంట్లోవాళ్లకు అనుమానం వస్తుంది. న్యాయమైన అనుమానమే. జవాబు తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

కోరింత దగ్గు బాక్టీరియాను 1906లో బ్రస్సెల్స్‌లో బోర్డే, జాంగూ అనే ఇద్దరు బంగాళాదుంప, రక్తం కలిపిన మాధ్యమంలో పెంచి చూపించారు. బోర్డే పేరు మీదే దాన్ని బోర్డెటెల్లా పెర్టుసిస్ అంటారు. దాన్ని చంపే మంచి మందు మాత్రం 1952లో గానీ రాలేదు. ఫిలిప్పీన్స్‌లో సేకరించిన మట్టి నుంచి పుట్టిన ఎరిత్రోమైసిన్ అది. మాక్రోలైడ్ అనే యాంటీబయాటిక్ కుటుంబంలో వైద్యంలోకి వచ్చిన మొదటిది. కోరింత దగ్గుకు దాన్ని రోజుకు నాలుగు సార్లు, 14 రోజులు వేయాలి. కడుపునొప్పి, వాంతులు మామూలే కాబట్టి చాలా ఇళ్లలో కోర్సు మధ్యలోనే ఆగిపోయేది. అయినా కొన్ని దశాబ్దాల పాటు పసిపిల్లలకూ అదే దిక్కు.

దాని మీద నమ్మకం సడలింది 1999లో, అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం నాక్స్‌విల్‌లో. ఆ ఫిబ్రవరిలో ఒక ఆస్పత్రిలో పుట్టిన ఆరుగురు శిశువులకు కోరింత దగ్గు తేలింది. అక్కడ పనిచేసే ఒకరి నుంచి అంటి ఉంటుందని భావించి, ఆ నెల 1 నుంచి 24 మధ్య పుట్టిన సుమారు 200 మంది పిల్లలకు ముందుజాగ్రత్తగా ఎరిత్రోమైసిన్ ఇవ్వమని స్థానిక ఆరోగ్యశాఖ చెప్పింది. సరైన నిర్ణయమే, అప్పటి నియమం అదే. మార్చి వచ్చేసరికి అక్కడి పిల్లల సర్జన్లకు ఒక తేడా కనిపించింది. రెండు వారాల్లో ఏడుగురు శిశువులు ఒకే సమస్యతో ఆపరేషన్‌కు వచ్చారు. పొట్ట నుంచి పేగులోకి పాలు దిగే దారిలో కండరం మందమెక్కి ఆ దారి మూసుకుపోవడం, అంటే పైలోరిక్ స్టెనోసిస్. ఏడుగురూ ఆ ఆస్పత్రిలో పుట్టినవాళ్లే, ఏడుగురూ ఎరిత్రోమైసిన్ తాగినవాళ్లే. లెక్క తీస్తే, అక్కడ మామూలుగా కనిపించే దానికి దాదాపు ఏడు రెట్లు.

పొట్టను కదిలించే మోటిలిన్ అనే హార్మోను చేసే పనిని ఎరిత్రోమైసిన్ కూడా చేస్తుంది. పుట్టిన కొత్తలో ఆ కండరాన్ని అదేపనిగా బిగపట్టించడం వల్లే అది మందమవుతుందని భావిస్తున్నారు. ఒక్కరు సర్జన్ దగ్గరికి వస్తే దీన్ని మందుతో ముడిపెట్టేవాళ్లే కాదు. ఏడుగురు ఒకేసారి రావడం వల్లే బయటపడింది.

2005లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ మార్గదర్శకాలు మార్చింది. నెల లోపు పిల్లలకు అజిత్రోమైసిన్‌కే మొగ్గు చూపింది. అది శరీర కణాల్లో చాలా రోజులు నిలుస్తుంది కాబట్టి రోజుకు ఒక్కసారి, ఐదు రోజులు చాలు. అదే కుటుంబానికి చెందిన క్లారిత్రోమైసిన్ నెల దాటిన పిల్లలకే. అజిత్రోమైసిన్‌కు కూడా ఆ ప్రమాదం పూర్తిగా లేకపోలేదని, ముఖ్యంగా మొదటి రెండు వారాల్లో వాడితే ఉందని 2015లో ఒక పెద్ద అధ్యయనం చూపింది. అయినా ఇవ్వాల్సిందే, ఎందుకంటే ఆ వయసులో కోరింత దగ్గు ప్రాణాలు తీస్తుంది.

ఇక తొందర సంగతి. ఒక ఇల్లు ఊహించుకుందాం. పురిటికి వచ్చిన కూతురు, 38 రోజుల పాప, ఆరేళ్ల అన్న, అమ్మమ్మ. అన్నకు మొదట ముక్కు కారడం, పొడి దగ్గు. జలుబే అనుకున్నారు. పన్నెండో రోజుకు పాపకు ముక్కు కారడం మొదలైంది. పద్దెనిమిదో రోజు పాలు తాగుతూ తాగుతూ పాప ఆగిపోయింది. ముఖం ఎర్రబడి, పెదాలు నీలమై, కొన్ని క్షణాలు ఊపిరే లేదు. కోరింత దగ్గు అనగానే అందరూ ఎదురుచూసే ఆ "హూప్" కూత ఈ వయసులో తరచు వినపడదు. దగ్గు కూడా పెద్దగా ఉండదు. ఊపిరి ఆగడమే లక్షణం.

జబ్బు మొదటి వారం పది రోజులు జలుబులా ఉన్నప్పుడే మందు పడితే దగ్గు తీవ్రత తగ్గే అవకాశం ఉంది. తెరలు తెరలుగా దగ్గు మొదలయ్యాక మందు బాక్టీరియాను చంపుతుంది గానీ దగ్గును పెద్దగా తగ్గించదు. బాక్టీరియా విడిచిన విషం అప్పటికే శ్వాసనాళాలను దెబ్బతీసి ఉంటుంది. కొందరు పసిపిల్లల్లో ఆ విషమే తెల్లకణాలను విపరీతంగా పెంచి ఊపిరితిత్తుల రక్తనాళాలను పూడ్చేస్తుంది. అందుకే రిపోర్టు కోసం ఆగరు, పాపను ఆస్పత్రిలో ఉంచి ఊపిరి మీద, తెల్లకణాల సంఖ్య మీద కన్నేసి ఉంచుతారు. ఆలస్యమైనా మందు మానరు. ఏడాది లోపు పిల్లలకు దగ్గు మొదలైన ఆరు వారాల వరకు, ఏడాది దాటినవాళ్లకు మూడు వారాల వరకు ఇస్తారు. ఐదు రోజుల మందు పడ్డాక ఇంకొకరికి అంటదు. పడకపోతే దాదాపు మూడు వారాలు అంటుతూనే ఉంటుంది.

దగ్గు లేకపోయినా ఇంట్లోవాళ్లకు ఇప్పటికే అంటి ఉండవచ్చు కాబట్టి వాళ్లకూ మందు ఇస్తారు. దానికి కూడా గడువు ఉంది. మొదట దగ్గినవాడికి దగ్గు మొదలైన 21 రోజుల్లోపు ఇవ్వాలి. ఈ ఇంట్లో పద్దెనిమిది గడిచిపోయాయి. తల్లికీ అమ్మమ్మకీ అదే రోజు మొదలుపెట్టాలి. పెద్దవాళ్లకు తొలి రోజు 500 మిల్లీగ్రాములు, తర్వాత నాలుగు రోజులు 250. అమ్మమ్మ గుండె జబ్బుకు మందులు వాడుతుంటే ముందే చెప్పాలి, అజిత్రోమైసిన్ గుండె లయను దెబ్బతీయగలదు. 20 కిలోల అన్నకు తొలి రోజు 200, తర్వాత 100. ఆరు నెలల లోపు పాపకు మాత్రం ఐదు రోజులూ కిలోకు 10 చొప్పున ఒకటే డోసు. 4 కిలోల పాపకు 40 మిల్లీగ్రాములు.

ఇక్కడే పొరపాటు జరుగుతుంది. మెడికల్ షాపులో సిరప్ రెండు రకాలుగా దొరుకుతుంది, 5 మిల్లీలీటర్లలో 100 ఉన్నది, 200 ఉన్నది. మొదటిదైతే పాపకు 2 మిల్లీలీటర్లు, రెండోదైతే 1. "రెండు ఎంఎల్ వెయ్యండి" అన్నమాట ఒక్కటే గుర్తుపెట్టుకుని రెండో సీసా తెస్తే డోసు రెట్టింపవుతుంది. సీసా మీద అంకె చూసి, చెంచాతో కాకుండా సూది లేని సిరంజితో కొలవాలి.

మందు అయిపోయాక కూడా కొన్ని వారాలు పాప వాంతులు గమనించాలి. పాలు తాగిన కొద్దిసేపటికే ఫౌంటెన్‌లా ఎగజిమ్మి, వెంటనే మళ్లీ ఆకలితో ఏడిస్తే, తడి గుడ్డలు తగ్గితే అది మామూలు కక్కు కాదు. నాక్స్‌విల్ పిల్లలకు వచ్చింది అదే, అల్ట్రాసౌండ్‌లో తేలుతుంది.

ఆ పాపకు కోరింత దగ్గు టీకా కలిసి ఉండే పెంటావాలెంట్ మొదటి డోసు ఆరు వారాలకి, అంటే ఇంకా నాలుగు రోజులుంది. ఈ ఖాళీని పూడ్చేది గర్భంలో ఉండగా తల్లి నుంచి అందే రక్షణే. ఇంగ్లండ్ 2012 అక్టోబరు నుంచి గర్భిణులకు కోరింత దగ్గు టీకా ఇస్తోంది. మన ప్రభుత్వ కార్యక్రమంలో గర్భిణులకు ఇచ్చే టీడీలో ధనుర్వాతం, కంఠసర్పి ఉన్నాయి గానీ కోరింత దగ్గు లేదు. అది ఉన్న టీడాప్‌ను 27 నుంచి 36 వారాల మధ్య ప్రైవేటుగా వేయించుకోవాలి. ఆ అవకాశం ఉందని ఆ కూతురికి ఏడో నెలలో ఒక్కరైనా చెప్పి ఉండాల్సింది.