రెండుసార్లూ 10.8 గ్రాములే

అనిలీన్ నుంచి పారా-నైట్రోఅనిలీన్ తయారుచేయడం రసాయనశాస్త్ర విద్యార్థులకు పాత పాఠమే. అనిలీన్‌ను నేరుగా నత్రికామ్లంలో వేస్తే చాలా భాగం ఆక్సీకరణం చెంది తారులా మారిపోతుంది కనుక పనిని మూడు అంచెలుగా చేస్తారు. ముందుగా ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో ఎసిటనిలైడ్‌గా మారుస్తారు. తరువాత దాన్ని మంచులో చల్లగా ఉంచి, నత్రికామ్ల గంధకికామ్లాల మిశ్రమంతో పారా-నైట్రోఎసిటనిలైడ్ చేస్తారు. చివరికి ఆమ్లంతో మరిగించి ఎసిటైల్ భాగాన్ని ఊడదీస్తారు.

విశాఖపట్నంలోని ఒక కళాశాల ప్రయోగశాలలో ఒక విద్యార్థిని 9.31 గ్రాముల అనిలీన్‌తో ఈ పని మొదలుపెట్టిందనుకుందాం. అనిలీన్ అణుభారం 93 కనుక అది 0.1 మోల్. ఎన్‌హైడ్రైడ్‌ను అవసరానికి మించి పోస్తారు కాబట్టి లెక్క అనిలీన్ మీదే నడుస్తుంది. ఒక అణువు అనిలీన్ నుంచి ఒక అణువు ఎసిటనిలైడ్ వస్తుంది. దాని అణుభారం 135 కాబట్టి, ఒక్క అణువు కూడా వృథా పోకపోతే 13.5 గ్రాములు రావాలి. అదే సైద్ధాంతిక దిగుబడి. ఆమెకు చేతికి వచ్చింది 10.8 గ్రాములు, అంటే 80 శాతం. ఇప్పుడు ఆమె దగ్గర ఉన్నది 0.08 మోల్ మాత్రమే.

ఆ మొత్తాన్నీ నైట్రేషన్ చేసి, ఆల్కహాల్‌లో స్ఫటికీకరించి, ఆరబెట్టి తూచితే మళ్లీ 10.8 గ్రాములే కనిపించాయి. త్రాసును నమ్మితే ఈ అంచెలో ఏమీ పోలేదు. కానీ ఎసిటనిలైడ్‌లో ఒక హైడ్రోజన్ పోయి దాని స్థానంలో బరువైన నైట్రో సమూహం చేరింది, అణుభారం 135 నుంచి 180కి, అంటే మూడో వంతు, పెరిగింది. 0.08 మోల్‌కు రావలసినది 14.4 గ్రాములు కనుక దిగుబడి 75 శాతమే. మిగిలినదానిలో కొంత ఆర్థో రూపంలో ఏర్పడి ఆల్కహాల్‌లోనే ఉండిపోయింది, కొంత పారా రూపం కూడా దానితోపాటే కరిగి వెళ్లింది. గ్రాములు దాచిన ఈ నష్టాన్ని మోల్ లెక్క బయటపెడుతుంది.

మూడో అంచెలో 0.06 మోల్‌కు 8.29 గ్రాములు రావాలి; 7.46 గ్రాములు వచ్చాయి, అంటే 90 శాతం. మొత్తం దిగుబడి 80, 75, 90ల సగటైన 82 కాదు. ప్రతి అంచే ముందు అంచెలో మిగిలినదానిలోంచే కోస్తుంది కాబట్టి 0.80, 0.75, 0.90లను గుణించాలి, 54 శాతం వస్తుంది. మొదటి అనిలీన్‌కు చివరి పదార్థపు సైద్ధాంతిక దిగుబడి 13.8 గ్రాములు, 7.46ను దానితో భాగించినా అదే 54. పొరపాటున 7.46ను 9.31తో భాగిస్తే 80 శాతం అని వస్తుంది. పరవాడ ఫార్మా యూనిట్లలో వినిపించేలాంటి బరువుకు బరువు లెక్క ముడిసరుకు ఖర్చు వేయడానికి పనికొస్తుంది గాని, చర్య ఎంత బాగా జరిగిందో చెప్పదు.

ఇక మన సముద్రపు గాలి సంగతి. వడపోసిన ఎసిటనిలైడ్ వర్షాకాలంలో ఫ్యాను కింద సాయంత్రానికి ఆరదు. తడితోనే తూస్తే 10.8కి బదులు 12.2 గ్రాములు చూపిస్తుంది, పుస్తకంలో 90 శాతం అని ఎక్కుతుంది. దాన్నే ఆధారంగా తీసుకుంటే రెండో అంచె దిగుబడి 75 నుంచి 66కి పడిపోయినట్టు కనిపిస్తుంది. విచిత్రమేమంటే ఈ రెంటినీ గుణిస్తే, అసలైన 80, 75లను గుణించినప్పటిలాగే మళ్లీ 60 శాతమే వస్తుంది, ఎందుకంటే మధ్యలోని ఆ బరువు ఒకసారి లవంలోనూ ఒకసారి హారంలోనూ ఉండి కొట్టేసుకుపోతుంది. అయితే నీరు నైట్రేషన్ ఆమ్లాన్ని పలుచన చేసి అసలు దిగుబడినే తగ్గించగలదు, అది కాగితం మీద కొట్టేసుకుపోదు. పైగా తడి చివరి పదార్థంలో ఉంటే దాన్ని సరిచేసే తరువాతి అంచె లేదు. అందుకే వరుసగా రెండుసార్లు తూచినా బరువు మారని వరకు ఆరబెట్టాలి, ద్రవీభవన స్థానమూ చూడాలి. పారా-నైట్రోఅనిలీన్ దాదాపు 148 డిగ్రీల దగ్గర చురుకుగా కరగాలి. ముందే మెత్తబడి నెమ్మదిగా కరిగితే తడో మలినమో ఉన్నట్టే.

మరో చిక్కు ఉంది. 10.8 గ్రాముల ఎసిటనిలైడ్‌లో 0.8 గ్రాము పరీక్షల కోసం పక్కన పెట్టి 10 గ్రాములనే ముందుకు నడిపితే, అవే శాతాలతో చివరికి 6.9 గ్రాములు వస్తాయి. దాన్ని 13.8తో భాగిస్తే 50 శాతం అనిపిస్తుంది. పక్కన పెట్టినది చర్యలో పోయిన నష్టం కాదు కనుక ఇక్కడ చివరి బరువును మొదటి బరువుతో పోల్చకూడదు, అంచెల శాతాలనే గుణించాలి. జవాబు 54గానే నిలుస్తుంది.

ఈ 54 చేతిలో ఉంటే లెక్కను వెనక్కి నడపవచ్చు. 10 గ్రాముల పారా-నైట్రోఅనిలీన్ కావాలంటే అది 0.0724 మోల్, 0.54తో భాగిస్తే 0.134 మోల్. అంటే సుమారు 12.5 గ్రాముల అనిలీన్‌తో మొదలుపెట్టాలి, పరీక్షలకు తీసిపెట్టేది దానికి అదనం.