కొబ్బరి పాలు విరిగేది ఎక్కడ? అపోహలు – వాస్తవాలు

మొన్న ఆదివారం పొద్దున్నే నా దగ్గర వంట నేర్చుకున్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. అత్తగారి వైపు వాళ్లు భోజనానికి వస్తున్నారట. రొయ్యల కూరలో కొబ్బరి పాలు పోసింది, పది నిమిషాలకి పైన నూనె తేలింది, పులుసంతా తెల్లటి నూకలాగా అయిపోయింది. "కాయ పాడైందేమో, పారబోసేయనా అక్కా?" అంటోంది, గొంతులో ఏడుపు. పాలు పోశాక ఏం చేశావమ్మా అంటే, పచ్చివాసన పోవాలని మూతపెట్టి బాగా మరిగించానంది.

ఈ మాట నేను నెలకి నాలుగుసార్లు వింటాను. ఎవరు పుట్టించారో గానీ, మంచి కాయలూ మంచి రొయ్యలూ దీనివల్లే పాడవుతున్నాయి.

అపోహ: చిక్కటి పాలు పోశాక బాగా మరిగించాలి

వద్దు. ఆవుపాలు పొంగేదాకా కాచినా ఏమీ కాదు, ఎందుకంటే వాటిలో ఉన్న ప్రొటీన్ ఆ వేడికి తట్టుకుంటుంది. కొబ్బరి పాలలో ఉన్నది అలాంటిది కాదు. నూనె బిందువుల్ని నీళ్లలో కలిపి పట్టుకునేది కొబ్బరిలోని ప్రొటీనే, అది సుమారు 80 డిగ్రీలు దాటితే గుడ్డు తెల్లసొనలాగా గట్టిపడటం మొదలవుతుంది. అది గట్టిపడితే నూకలు, అది వదిలేసిన నూనె పైన తెట్టు. కాయ తప్పేం లేదు.

మరి పచ్చివాసన? అది పాలది కాదు, అల్లం వెల్లుల్లిదీ మసాలాదీ. దాన్ని పోగొట్టడానికే రెండో పాలు ఉన్నాయి.

ఒక ముదురు కాయ కోరితే రెండు కప్పులకి పైనే కోరు వస్తుంది. చెయ్యి పెట్టి ఓర్చుకోగలిగేంత వేడి నీళ్లు ముప్పావు కప్పు పోసి, మిక్సీ ఆపుతూ ఆపుతూ నాలుగైదుసార్లు తిప్పండి. పల్చటి నూలు గుడ్డలో వేసి పిండితే వచ్చేవి మొదటి పాలు, ఇంచుమించు కప్పు. వేలు ముంచి తీస్తే తెల్లగా అంటుకుని ఉండాలి. అదే పిప్పికి ఇంకో కప్పున్నర నీళ్లు పోసి మళ్లీ తిప్పి పిండితే రెండో పాలు. ఈ రెండూ ఒకే గిన్నెలో కలిపేసేవాళ్లున్నారు, అక్కడే సగం కూర చెడింది. ఫ్రిజ్‌లోంచి తీసిన కోరైతే కాసేపు బయట ఉంచండి, చల్లదనానికి కొబ్బరి నూనె గడ్డకట్టి పిప్పిలోనే ఉండిపోతుంది.

అర కిలో రొయ్యల కూరకి ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, కారం వేయించాక రెండో పాలు పోసి ఏడెనిమిది నిమిషాలు మరగనివ్వండి. ఇవి పల్చన, కాస్త విరిగినా మసాలాలో కనిపించదు. రొయ్యలు వేసి, అవి ఎర్రబడి వంకర తిరిగేదాకా, అంటే నాలుగైదు నిమిషాలు ఉడికించి మంట బాగా తగ్గించండి. పులుసు ఉడకడం ఆగాలి, ఇది ముఖ్యం. ఒక గరిటెడు వేడి పులుసు చిక్కటి పాలలో కలిపి, ఆ పాలని కూరలో పోసి మెల్లగా తిప్పండి. ఆవిరి లేచి గిన్నె అంచున చిన్న బుడగ కనిపించగానే కట్టేయండి. మూత వెంటనే పెట్టొద్దు, లోపలి వేడికి మళ్లీ ఉడుకు పడుతుంది.

మా కోనసీమలో మా అమ్మమ్మ మట్టి దాకని పొయ్యి మీంచి దించి, కుదురు మీద పెట్టి, కాసేపు ఆగి అప్పుడు పాలు పోసేది. చిన్నప్పుడు ఆ ఆగడం ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. ఒక పెళ్లిలో మందపాటి పెద్ద గిన్నె కింద మంట ఆర్పిన వెంటనే పాలు పోశాను, గిన్నెలో ఉన్న వేడికే అంతా విరిగిపోయింది. మందం గిన్నెలైతే రెండు మూడు నిమిషాలు ఆగాల్సిందే.

"కొబ్బరి అన్నానికి అదే పాలు పోసి కుక్కర్లో విజిల్ వేయిస్తాం కదా, విరగవే?" అని అడుగుతారు. విరుగుతాయి. ఆ నూనెని బియ్యం పీల్చేసుకుంటుంది, అందుకే కంటికి కనపడదు.

అపోహ: విరిగితే పారబోయాలి

పారబోయొద్దు. తాజా పాలైతే అది తినదగ్గ కూరే, నునుపు పోయిందంతే. ఆ అమ్మాయి చేత రొయ్యలు పక్కకి తీయించి, పులుసు చల్లార్చి మిక్సీలో తిప్పించి, చెంచాడు బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోయించి సన్న సెగ మీద చిక్కబడనిచ్చాను. పూర్తిగా మునుపటిలా రాదు, వడ్డించుకోవడానికి బాగానే వచ్చింది.

మిగతావి గబగబా

పులుపు పడితే విరుగుతాయా? చిక్కటి పాలలో పడితే అవును. చింతపండు, టమాటా, మామిడికాయ ఏదైనా రెండో పాలతోనే ఉడికిపోవాలి. నిమ్మరసం దించి చల్లారాక.

డబ్బా పాలు మరిగించినా విరగట్లేదు కాబట్టి అవే మంచివా? చాలావాటిలో విడిపోకుండా పట్టి ఉంచే పదార్థాలు కలుపుతారు. డబ్బా మీద రాసి ఉంటుంది, చదవండి.

ఫ్రిజ్‌లో పెడితే పైన గట్టి పొర కట్టింది, చెడిపోయాయా? లేదు, అది మీగడ. కాసేపు బయట పెట్టి కలిపితే కలిసిపోతుంది. పులిసిన వాసన వస్తే మాత్రం ఎంత కలిపినా పనికిరావు.