బోర్డు పీకేస్తే ఫ్లాట్లు ఖాళీ అవుతాయా?

"ఫార్మాట్ కొట్టేశాను బావా, ఇక ఇచ్చేయొచ్చు" అన్నాడు మా బావమరిది, పాత హార్డ్‌డిస్కు నా చేతిలో పెడుతూ. ఎంతసేపు పట్టిందని అడిగితే నాలుగైదు సెకన్లన్నాడు. నా అనుమానం అక్కడే మొదలైంది.

విశాఖలో మా ఎంవీపీ కాలనీ ఇంట్లో ఈమధ్యే నాస్ పెట్టుకున్నాం. రౌటర్ పక్కన కూర్చుని ఇంటిల్లిపాదికీ ఫైళ్లు అందించే రెండు డిస్కుల పెట్టె అది. పాత కంప్యూటర్లోని ఫొటోలూ కాగితాల స్కాన్లూ అన్నీ దాన్లోకి ఎక్కించాక, 1 టీబీ డిస్కు ఒకటి మిగిలింది. డాబాగార్డెన్స్‌లో ఎవరికైనా ఇచ్చేస్తే నాలుగు డబ్బులొస్తాయని మావాడి లెక్క.

నా లెక్క వేరే. 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. మామూలు హార్డ్‌డిస్కు సెకనుకు సుమారు 15 కోట్ల బైట్లు రాయగలదు. ఆ వేగాన డిస్కంతా ఒక్కసారి రాయాలన్నా గంటా యాభై నిమిషాలు కావాలి. అయిదు సెకన్లలో పూర్తయిందంటే ఆ పని డిస్కులో వెయ్యో వంతును కూడా తాకలేదన్నమాట.

మరి క్విక్ ఫార్మాట్ చేసిందేమిటి? అపార్ట్‌మెంట్ కింద లిఫ్టు పక్కన పేర్ల బోర్డు ఉంటుంది కదా, 302లో ఫలానావారు, 303లో ఫలానావారు అని. డిస్కులోనూ అలాంటి పట్టిక ఒకటి ఉంటుంది. ఏ ఫైలు పేరేమిటి, అది ఏ గళ్లలో ఉంది అన్నది దాన్లో రాసి ఉంటుంది. క్విక్ ఫార్మాట్ ఆ బోర్డు స్థానంలో ఖాళీ బోర్డు తగిలిస్తుంది. ఫ్లాట్లలో జనం ఎక్కడివాళ్లక్కడే ఉంటారు. కొత్త ఫైలేదైనా వచ్చి ఆ గళ్లలో కూర్చుంటే తప్ప పాతది కదలదు.

మావాడు నమ్మలేదు. సరే, చూద్దామని ఆ డిస్కును యూఎస్‌బీ కేసులో పెట్టి నా ల్యాప్‌టాప్‌కి తగిలించి, PhotoRec అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపాం. ఇది బోర్డు జోలికి పోదు. ప్రతి తలుపూ తట్టి లోపలెవరున్నారో చూస్తుంది. జేపెగ్ ఫొటో ఏదైనా మొదటి మూడు బైట్లు `FF D8 FF` అనే ఉంటాయి. పీడీఎఫ్ అయితే `%PDF` అని మొదలవుతుంది. అలాంటి గుర్తు కనబడగానే అక్కణ్ణుంచి ఫైలును కోసుకుని వేరే డిస్కులో దాస్తుంది.

పది నిమిషాలు గడవకముందే ఫొటోలు రావడం మొదలైంది. పేర్లు లేవు, `f0482176.jpg` లాంటి అంకెలే. ఆ అంకె ఫైలు దొరికిన గడి, అంటే సెక్టారు నంబరు. ఒకటి తెరిస్తే మా వీధి. హుద్‌హుద్ మర్నాడు, 2014 అక్టోబరు 13న తీసింది. రోడ్డుకడ్డంగా పడిన చెట్టు, దాని మీద కూర్చున్న మావాడే. ఇంకోటి తెరిస్తే మామయ్యగారి ఆధార్ కార్డు. ఆ తర్వాత ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు, సంతకాలతో సహా. మావాడి మొహంలో టెన్షన్ కనబడింది. ముక్కలుముక్కలుగా చెదిరిన పెద్ద వీడియోలు మాత్రం సగం సగమే వచ్చాయి. అంతకుమించి ఆ ఫార్మాట్ వల్ల పోయిందేమీ లేదు.

నిజంగా చెరపాలంటే ప్రతి గడిలోనూ ఇంకేదో రాయాలి. సున్నాలు చాలు. విండోస్‌లో అయితే ఫార్మాట్ పెట్టెలో Quick Format ముందున్న టిక్కు తీసేస్తే ఆ పనే జరుగుతుంది. ఇది విస్టా నుంచి వచ్చిన సంగతి. ఎక్స్‌పీలో పూర్తి ఫార్మాట్ కూడా చెడిన సెక్టార్లను వెతికేదే గానీ డేటాను చెరిపేది కాదు. విండోస్‌లోనే ఉండే diskpart అనే ప్రోగ్రామ్ వాడేవాళ్లకి `clean` వేరు, `clean all` వేరు. మొదటిది బోర్డు పీకుతుంది, రెండోది ఇళ్లు ఖాళీ చేయిస్తుంది.

నాది లినక్స్ కాబట్టి ఇలా చేశాను:

```
lsblk -o NAME,SIZE,MODEL,SERIAL
sudo dd if=/dev/zero of=/dev/sdX bs=4M status=progress
```

మొదటి వరుస డిస్కుల జాబితా చూపిస్తుంది, రెండోదాన్లోని dd సున్నాలు రాస్తుంది. మొదటి వరుసే ముఖ్యం. `sdX` స్థానంలో ఒక్క అక్షరం తప్పు కొడితే మంచి డిస్కు తుడుచుకుపోతుంది, మధ్యలో అడిగేవాడెవడూ ఉండడు. డిస్కు మీది లేబుల్లో ఉన్న సీరియల్ నంబరూ తెర మీద వచ్చిందీ ఒకటేనా అని ఒకరు చదువుతుంటే ఒకరు చూసుకున్నాం. నాస్‌లోని ఫైళ్లు సరిగ్గా తెరుచుకుంటున్నాయో లేదో కూడా అంతకుముందే చూసి, ఇంకో కాపీ విడిగా తీసిపెట్టాం. నాస్‌లో రెండు డిస్కులున్నాయి కదా అనుకోవద్దు. పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండింట్లోనూ పోతుంది.

మొదట్లో సెకనుకు 180 ఎంబీ చూపించింది. మావాడు గంటన్నరలో అయిపోతుందని లెక్కేశాడు. పోనుపోను అది తగ్గుతూ చివరికి 90కి దిగింది. డిస్కు చెడిపోలేదు. పళ్లెం బయటి అంచున చుట్టు పెద్దది, ఒక్కో చుట్టులో ఎక్కువ సెక్టార్లు పడతాయి. లోపలికి వెళ్లేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది, తిరిగే వేగం మాత్రం అదే. మొత్తం రెండు గంటల పైనే పట్టింది. ఆఖర్న "No space left on device" అని ఎర్రర్ వచ్చింది. భయపడక్కర్లేదు, చివరి గడి దాకా రాసేశానని చెప్పడమే అది.

అయినా ఊరికే నమ్మడమెందుకని `sudo cmp /dev/sdX /dev/zero` అని సరిచూశాం. ఎక్కడైనా సున్నా కానిది మిగిలి ఉంటే differ అంటుంది. డిస్కు చివరిదాకా చదివి EOF అని ఆగితే అంతా సున్నాలే. మాకు EOF వచ్చింది.

ఒక్కసారి చాలా, ముప్పై అయిదు సార్లు రాయాలంటారే అని మావాడి సందేహం. ఆ అంకె 1996లో పీటర్ గుట్‌మన్ రాసిన పత్రంలోది. అప్పటి రకరకాల డిస్కుల రాత పద్ధతులన్నింటికీ కలిపి వేసిన లెక్క. ఇప్పటి హార్డ్‌డిస్కులకు ఒక్కసారి చాలు.

ఎస్‌ఎస్‌డీ సంగతి మాత్రం వేరు. అక్కడ ఫలానా గడిలో రాయమంటే అది అరుగుదల సమానం చేయడానికి ఇంకెక్కడో రాస్తుంది, పాతది మనకు కనబడని మూలన కొంతకాలం అలాగే ఉండిపోవచ్చు. దానికి dd నమ్మకమైన దారి కాదు. తయారీదారు ఇచ్చే ప్రోగ్రామ్‌లో సెక్యూర్ ఎరేజ్ అని ఉంటుంది, చెరిపే పని డిస్కుకే అప్పగించే ఆదేశం. యూఎస్‌బీ కేసు చాలాసార్లు ఆ ఆదేశాన్ని లోపలికి పోనివ్వదు, కాబట్టి నేరుగా కంప్యూటర్లో బిగించి చేయాలి.

డెస్క్‌టాప్ డిస్కు అలా తేలింది. అటక మీద దొరికిన పాత ల్యాప్‌టాప్ డిస్కు తేలలేదు. కాసేపు నడిచి, టిక్ టిక్ మని చప్పుడు చేసి "Input/output error" అని dd ఆగిపోయింది. రాయడానికి లొంగని సెక్టారును చెరపలేం, దాని లోపలున్నది ఇంకెవరైనా చదవగలరేమో తెలియదు. దాన్ని అమ్మే ఆలోచన మానేసి విప్పాం. నక్షత్రం ఆకారపు స్క్రూలు, ఒకటి లేబుల్ కింద దాక్కుని ఉంది. ల్యాప్‌టాప్ డిస్కుల పళ్లేలు తరచూ గాజువి, దెబ్బ పడితే పెంకులు ఎగురుతాయి. అందుకే పాత టవల్లో చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని సుత్తితో ఒక్కటేశాను. గలగలమని నలిగింది. లోపలి రెండు అయస్కాంతాలు మావాడు తీసుకున్నాడు. ఇప్పుడవి వాళ్ల ఫ్రిజ్ తలుపు మీద కరెంటు బిల్లును పట్టుకుని ఉన్నాయి.