అడుగు తప్పనివ్వని పాట

1977లో బీ జీస్ బృందం ఫ్రాన్స్‌లో ‘స్టేయిన్ అలైవ్’ పాట రికార్డు చేస్తున్నప్పుడు, ఇంటి పరిస్థితుల వల్ల డ్రమ్మర్ వెళ్ళిపోవాల్సి వచ్చింది. మిగిలినవాళ్ళు అప్పటికే రికార్డయిన తమ ఇంకో పాటలోంచి చిన్న డ్రమ్ముల ముక్క తీసుకుని, ఆ టేపు రెండు కొసలూ అతికించి, పాట పొడవునా దాన్నే తిప్పుతూ వాడారు. అందుకే ఆ పాటలో బీట్ మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంతో నడుస్తుంది. డాన్స్ ఫిట్‌నెస్‌లో కొత్తగా చేరిన పాతికేళ్ళవాళ్ళకీ, అరవై దాటినవాళ్ళకీ కలిపి ఒకే పాట పెట్టాలంటే నా మొదటి ఎంపిక ఇదే.

బీట్ వినబడ్డాక కాలు కదిపితే అప్పటికే ఆలస్యమైపోతుంది. కాబట్టి తర్వాతి బీట్ ఎప్పుడు పడుతుందో మెదడు ముందే అంచనా వేసి కాలికి కబురు పంపుతుంది. బీట్‌కు తగ్గట్టు వేలితో తట్టమంటే చాలామంది సెకనులో కొన్ని వందో వంతులు ముందుగానే తడతారు. బీట్ నిలకడగా ఉంటే ఈ అంచనా రెండు మూడు సార్లలోనే కుదురుకుంటుంది. అప్పుడు కొత్తవాళ్ళ ధ్యాస స్టెప్పు మీదకు మళ్ళుతుంది.

పాట వేగం తెలుసుకోవడానికి యాప్ ఏమీ అక్కర్లేదు. పదిహేను సెకన్లపాటు చప్పట్లు కొట్టి, లెక్కను నాలుగుతో గుణిస్తే చాలు. ఈ పాటకు దాదాపు 26 చప్పట్లు పడతాయి, అంటే నిమిషానికి 104. మామూలు నడకకు దగ్గరి వేగమే. ఎనిమిది లెక్కలకు నాలుగున్నర సెకన్ల పైనే పడుతుంది కాబట్టి, ఆరో లెక్క దగ్గర “ఇప్పుడు కుడికి” అని చెప్పినా అందరికీ తిరిగే వ్యవధి ఉంటుంది.

వయసు తేడాకు పాట మార్చక్కర్లేదు, కదలిక పరిమాణం మారిస్తే సరిపోతుంది. కుర్రవాళ్ళు అడుగు వెడల్పుగా వేసి చేతులు తల పైదాకా ఎత్తుతారు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ అదే లెక్కకు చిన్న అడుగు వేస్తుంది, లేదా రెండు బీట్లకు ఒక్కసారే కదులుతుంది. ఇద్దరూ ఒకటో లెక్క దగ్గర కలుస్తారు.

తీన్మార్ పాటలంటే నాకు ప్రాణం, కానీ మొదటి వారాల్లో పెట్టను. వాటిలో చాలావరకు ప్రతి బీటూ మూడుగా చీలుతుంది. పెద్ద బీట్ మీద నడిస్తే హాయిగానే ఉంటుంది కానీ, కొత్త చెవి మధ్యలోని చిన్న దెబ్బల వెంట పరిగెత్తి కాలిని తికమకపెడుతుంది. చివర్లో వేగం పెరిగే పాటలతో ఇంకో ఇబ్బంది: అలసిపోయిన వేళకే పాత అంచనా పనికిరాకుండా పోతుంది.

పాట కుదిరిందో లేదో తెలియాలంటే కాసేపు వాల్యూమ్ తగ్గించి నేల మీది చప్పుడు వినండి. కుదిరితే అడుగులన్నీ ఒకే దెబ్బగా వినిపిస్తాయి. కుదరకపోతే వాన చినుకుల్లా ఒకదాని వెనక ఒకటి రాలతాయి.