సొల్యూషన్ ఆరేదాకా ఎందుకు ఆగాలి?

కావలి నుంచి ఒంగోలు దాకా రోడ్ల పక్కనా చెరువు కట్టల మీదా పెరిగే సర్కారు తుమ్మ ముల్లు సైకిలు టైరును దాటి ట్యూబులో దిగితే, పడే బెజ్జం గుండుసూది మొనంత మాత్రమే ఉంటుంది. దానిని మూయడానికి ఉప్పుకాగితం ముక్క, సొల్యూషన్, ఒక ప్యాచి చాలు. అయినా ఇంట్లో వేసుకున్న ప్యాచి రెండు రోజులకే లేచిపోవడం తరచుగా చూస్తాం. ఆ తప్పును సొల్యూషన్ మీదకు నెడతాం గాని, చాలాసార్లు అసలు కారణం అది ఆరకముందే ప్యాచి అతికించడమే.

సొల్యూషన్ అంటే పెట్రోలు జాతి ద్రవంలో కరిగించిన పచ్చి రబ్బరు. ట్యూబులోని రబ్బరు అలాంటిది కాదు. దానిని గంధకంతో కలిపి వేడిచేసి తయారుచేస్తారు కాబట్టి, పొడవాటి రబ్బరు అణువుల మధ్య గంధకపు వంతెనలు ఏర్పడి ఉంటాయి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన ఈ పద్ధతినే వల్కనీకరణ అంటారు. వంతెనలు పడిన రబ్బరు ద్రవంలో ఉబ్బుతుందే తప్ప కరగదు. అందువల్ల సొల్యూషన్ పూసినప్పుడు ట్యూబు పైపొర కొద్దిగా ఉబ్బి, పచ్చి రబ్బరు అణువుల కొసలు అందులోకి చొరబడతాయి. తరువాత ద్రవం ఆవిరైపోగా మిగిలే పలుచని పచ్చి రబ్బరు పొరే అసలు పనిచేసేది. ప్యాచి అడుగున కూడా అలాంటి మెత్తని పొరే ఉంటుంది. రెండింటినీ కలిపి నొక్కితే ఒకదాని అణువులు మరొకదానిలోకి అల్లుకుంటాయి. మంచి రకం ప్యాచీల అడుగు పొరలో మామూలు వేడికే వల్కనీకరణను నడిపించే రసాయనాలు కూడా ఉండడం వల్ల, ఆ అతుకు తరువాతి గంటల్లో ఇంకా గట్టిపడుతుంది.

ద్రవం ఇంకా మిగిలి ఉండగా ప్యాచి వేస్తే, పైనా కిందా రబ్బరే ఉంటుంది కాబట్టి అది బయటికి పోలేక మధ్యలో చిక్కుకుంటుంది. అతుకు జారుడుగా ఉండిపోతుంది, గాలి ఒత్తిడికి అంచు లేస్తుంది. కాబట్టి ప్యాచి కంటే ఒక వేలెడు వెడల్పుగా, పలుచగా పూసి, సుమారు 5 నిమిషాలు నీడలో ఆగాలి. ఎండాకాలంలో అంతకంటే తొందరగానే ఆరుతుంది. వానాకాలంలో మాత్రం, ఆవిరయ్యే ద్రవం పొరను చల్లబరచడం వల్ల గాలిలోని తేమ దాని మీద చేరి తెల్లగా మసకబారవచ్చు. అప్పుడు ఇంకా ఎక్కువసేపు ఆగడం మంచిది. ఆరిందో లేదో పొర అంచున, ప్యాచి పడని చోట, వేలితో తాకి చూడాలి. తీగలు సాగకుండా కాస్త అంటినట్లు మాత్రమే ఉంటే సిద్ధమైనట్లే. మధ్యలో తాకితే చేతి జిడ్డు అక్కడ చేరుతుంది.

ఉప్పుకాగితంతో గీకడం కూడా ఇంతే ముఖ్యం. ట్యూబు పైన అచ్చు నుంచి విడిపించడానికి వాడిన పదార్థమూ పౌడరూ మిగిలి ఉంటాయి, అవి పోయి నల్లని మెరుపు మాయమయ్యేదాకా గీకాలి. లేచిపోయిన ప్యాచి అడుగును చూస్తే తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది: ట్యూబు నున్నగా, శుభ్రంగా మిగిలితే గీకడం చాలలేదు, తీగలు తీగలుగా జిగురు సాగుతుంటే ఆరనివ్వలేదు. ఒకవేళ ప్యాచి గట్టిగానే ఉండి మళ్ళీ గాలి పోతుంటే, టైరు లోపలి వైపు దూదితో తుడిచి చూడాలి. విరిగిన ముల్లు మొన ఎక్కడ ఉన్నా దూది పోగులు అక్కడ చిక్కుకుంటాయి. ముల్లు ట్యూబు రెండో గోడను కూడా పొడిచిందేమో నీళ్ళ తొట్టిలో ముంచి చూడడం అవసరం.

ఇదే సొల్యూషన్‌ను గాలిపరుపుకు వాడేవారున్నారు. మంచం పట్టిన పెద్దవారికి పుండ్లు పడకుండా వేసే బుడగల పరుపు ఎక్కువగా పీవీసీతో చేసినది. పెట్రోలు జాతి ద్రవం పీవీసీని ఉబ్బించలేదు కాబట్టి రబ్బరు అణువులు అందులోకి చొరబడవు. పైగా పీవీసీని మెత్తగా ఉంచే నూనె క్రమంగా బయటికి వచ్చి ఆ పొరను బంకబంకగా మారుస్తుంది. మొదటి రోజు అంటుకున్నట్లు కనిపించిన ప్యాచి ఆ తరువాత చేత్తో లాగితే ఊడివస్తుంది.

దీనికి వినైల్ జిగురు, పీవీసీ ముక్క కావాలి. ఆ జిగురులోని ద్రవం పీవీసీ పైపొరను కరిగిస్తుంది, రెండు ముక్కలూ కరిగిన స్థితిలోనే ఒకదానిలో ఒకటి కలిసిపోవాలి. అందుకే ఇక్కడ పద్ధతి తలకిందులవుతుంది: పూర్తిగా ఆరనివ్వకుండా, జిగురు తడిగా ఉండగానే అతికించి నొక్కాలి. ముందుగా సబ్బు నురగతో బెజ్జం కనిపెట్టి, గాలంతా తీసి, ఆ చోటు తుడిచి ఆరబెట్టి, అతికించాక ప్యాచి మీద బరువు పెట్టి ఉంచాలి. మర్నాటిదాకా గాలి నింపకూడదు. రెండు పొరలను వేడితో అతికించిన కుట్టు అంచునే గాలి పోతుంటే మాత్రం ప్యాచి సరిగా కూర్చోదు, ఆ పరుపును మార్చుకోవడమే మేలు.