ఆ రాత్రి బర్రెకు నీళ్లెవలు పెట్టిండ్రు?

నల్గొండ

పిల్లలూ,

పోయిన ఆదివారం మా అరుగు మీద మీరు పడ్డ కొట్లాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. గడి దొరల కాలం మీద రాసిన నవలను మీలో ఒకమ్మాయి సగంలో మూసేసి, "తాతా, కావాలని నెత్తురు పూసినట్టుంది, నేను చదవను" అంది. పక్కనున్న పిలగాడు ఊరుకోలేదు. "అప్పుడు అట్లనే జరిగింది గదా, ఉన్నదున్నట్టు రాస్తే తప్పేంది?" అన్నాడు. నన్ను తీర్పు చెప్పమన్నారు. నేను చాయ్ చల్లారుతుందని చెప్పి తప్పించుకున్నా. జవాబు రాక కాదు. ఆ జవాబు చెప్పాలంటే నేను పడ్డ సిగ్గు కూడా చెప్పాలి, అందుకని.

1974లో నాకు ఇరవై రెండేండ్లు. ఒక పత్రికకు పంపుదామని గడి మీద కథ రాసిన. ఎల్లయ్య అనే జీతగాడు వెట్టికి రానన్నాడని దొర కొట్టిస్తాడు. కథకంతటికీ అదే గుండెకాయ అనుకున్నా. ఇట్లా రాసిన:

"కొరడా పాములా లేచింది. చర్మం చిట్లింది. నెత్తురు చిమ్మి గడి గోడ మీద పడింది. ఒకటి, పది, యాభై... నూరో దెబ్బ పడ్డా ఆ కళ్లలో నిప్పు ఆరలేదు."

ఇట్లాంటి వాక్యాలు ముప్పై దాకా ఉంటాయి. తర్వాతి భాగం మొదలయ్యేసరికి ఎల్లయ్య సభలో నిలబడి ఉపన్యాసం ఇస్తుంటాడు. రాసింది మా నాయినమ్మకు చదివి వినిపించిన. ఆమె చదువుకోలేదు గానీ, నిజాం కాలంలో గడికి నీళ్లు మోసిన మనిషి. చింతపండులో గింజలు తీసుకుంటూ అంతా విన్నది. నేను మెచ్చుకుంటుందని చూస్తున్నా. "మంచిగనే ఉంది గని బిడ్డా, ఆ రాత్రి ఎల్లయ్య బర్రెకు నీళ్లెవలు పెట్టిండ్రు?" అనడిగింది.

నేను నవ్విన. ఆమె నవ్వలేదు. "మా అన్నను కొట్టిండ్రు. ఎనిమిది దినాలు లేవలే. దెబ్బలు తిన్నది ఆయన, గడి పని వచ్చి పడ్డది మా వదినె మీద. ఇంట్ల పని, చేన్ల పని, గడి పని, మూడూ ఆమెవే. నీ ఎల్లయ్యకు పెండ్లాం లేదా?" అంది.

నా కథలో ఎల్లయ్యకు పెండ్లాం ఉంది. మొదటి పేజీలో ఆమె పేరు కూడా రాసిన. దెబ్బలు మొదలైన తర్వాత ఆమె ఎటు పోయిందో నాకే తెలియదు.

నెల రోజులు ఆ కాగితాలు ముట్టలేదు. తర్వాత మళ్లీ రాసిన:

"గడి వాకిట్లో నిలబడి ఆమె మూడు దాకా లెక్కపెట్టింది. ఆపైన లెక్క తప్పింది. పొద్దుగూకినంక ఇద్దరు మనుషులు ఎల్లయ్యను మోసుకొచ్చి నులక మంచం మీద బోర్లా పండబెట్టిండ్రు. అంగీ వీపుకు అతుక్కుపోయింది. ఆమె గోరువెచ్చని నీళ్లు చల్లి, నాన్చి, అంచు నుంచి కొద్దికొద్దిగా తీసింది. కొట్టంలో బర్రె అరుస్తనే ఉంది. నడిరాత్రి గుర్తుకొచ్చి బొక్కెన పట్టుకొని పోయింది. తెల్లారకముందే గడి మనిషి వాకిట్లో నిలబడ్డాడు. 'ఆయన లేవకుంటే నువ్వు రా' అన్నాడు."

ఇప్పుడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టండి. నేను బడిలో తెలుగు చెప్పినవాడిని కాబట్టి మీకు తెలిసిన పరికరమే ఇస్తా. ప్రతి వాక్యంలో కర్త ఎవరో చూడండి. మొదటిదాంట్లో కొరడా లేస్తుంది, చర్మం చిట్లుతుంది, నెత్తురు చిమ్ముతుంది, దెబ్బ పడుతుంది. ఎల్లయ్య ఒక్క వాక్యానికీ కర్త కాదు. చివరికి నిప్పు ఆరకపోవడం కూడా కళ్లకే జరిగింది, మనిషికి కాదు. రెండోదాంట్లో ఆమె లెక్కపెట్టింది, ఆమె తీసింది, ఆమె పోయింది, గడి మనిషి నిలబడ్డాడు. చేసేవాళ్లూ పడేవాళ్లూ మనుషులే. మనిషి వాక్యంలో నుంచి తప్పుకొని శరీరం ముక్కలు మాత్రమే మిగిలాయంటే, రచయిత ఆ మనిషిని చూడటం మానేసి దెబ్బను చూస్తున్నట్టు. ఆడమనిషి మీద దౌర్జన్యం రాసిన చోట ఈ పరీక్ష ఇంకా గట్టిగా పెట్టండి. అక్కడ ఆమె చీర, ఆమె ఒళ్లు ఎవరి చూపుతో వర్ణించాడో గమనించండి. అది దౌర్జన్యం చేసేవాడి చూపే అయితే, ఆఖర్న రచయిత ఎన్ని కన్నీళ్లు కార్చినా నేను నమ్మను.

రెండో పని పెన్సిలుతో. దౌర్జన్యం ఉన్న ఘట్టం పక్క అంచున, దెబ్బకు ముందరి వరుసలకు "ము" అని, దెబ్బ పడే వరుసలకు "దె" అని, ఆ తర్వాత వాటికి "త" అని రాసుకుంటూ పోండి. పుస్తకం లైబ్రరీది అయితే వేరే కాగితం మీద రాయండి, లేకుంటే ఆ సారు నన్ను తిడతాడు. నా మొదటి కథలో "ము" రెండు వరుసలు, "దె" ముప్పై, "త" సున్న. రెండోదాంట్లో "దె" మూడు వరుసలకు మించలేదు, "త" ఇరవై పైనే ఉంది. ఈ లెక్క దానంతటదే తీర్పు కాదు, ఎక్కడ వెతకాలో చూపిస్తుంది. "త" సున్నా ఉన్న చోట ఆగి, ఆ దెబ్బ తీసేస్తే కథలో ఏం మారుతుందో చూడండి. నా మొదటి కథలో ఏమీ మారదు. సభలో ఉపన్యాసం దెబ్బలు తినకుండా కూడా ఇవ్వొచ్చు. రెండోదాంట్లో ఆ దెబ్బలు తీసేస్తే తెల్లారి గడి మనిషి ఆమె వాకిట్లోకి రావడానికి కారణమే లేదు.

దెబ్బ తిన్న ఒళ్లు ఎట్లా ఉంటుందో తెలియకుండా రాసిన రాత కూడా రచయితను పట్టిస్తుంది. నూరు దెబ్బలు అన్న నా లెక్కే చూడండి. పచ్చి చింతబరికెతో పది గట్టిగా పడితేనే వాతలు తేలి వీపంతా ఉబ్బుతుంది. రెండు మూడు రోజులకు నల్లబడుతుంది, తర్వాత పసుపుపచ్చకు తిరుగుతుంది. వెల్లకిలా పండలేడు, మోపు ఎత్తుకోలేడు, దగ్గితే కూడా నొప్పే. కొరడాతో నూరు తిన్నవాడు సభకు రాడు. బతికితే అదే ఎక్కువ. ఇట్లా సున్నాలు పెంచేవాళ్లకు ఇంకో అలవాటు ఉంటుంది. మొదటి అధ్యాయంలో చెంపదెబ్బ, మూడో అధ్యాయంలో కొరడా, ఏడో అధ్యాయంలో గొడ్డలి. ఒకటి అలవాటయ్యేసరికి దానికంటే పెద్దది కావాలి. దొర ఎందుకు అంత పెరిగాడో కథలో కారణం కనిపించకుండా దెబ్బల మోతాదే పెరుగుతూ పోతే, అది దొర కోపం కాదు, రచయిత తొందర.

ఇక పిలగాడు అన్న మాట. జరిగింది గదా అన్నాడు. అవును, జరిగింది. 1946 జూలై 4న కడవెండిలో జనం ఊరేగింపుగా గడి పక్క నుంచి పోతుంటే విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య చనిపోయాడు. కడవెండి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది గానీ అప్పుడు మన నల్గొండ జిల్లాదే. దీని మీద ఎవరైనా నవల రాస్తే, తూటా ఒంట్లోకి ఎట్లా దిగిందో అర పేజీ వర్ణించొచ్చు. చావు నిజమే కాబట్టి ఆ అర పేజీని ఎవరూ అబద్ధం అనలేరు. కానీ ఆ తూటాతో జనం బెదిరి ఇండ్లల్లో దాక్కోలేదు. వెట్టి మీద కోపం ఊరూరికీ పాకింది, చివరికి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటమైంది. అర పేజీ తూటా రాసి, ఆ మరునాడు ఊరు ఏం చేసిందో రాయని నవల నిజాన్ని సగమే రాసినట్టు. జరిగిందనడం, అది జరిగిందా లేదా అన్న ప్రశ్నకు జవాబు. ఈ వరుసలు ఇట్లా ఎందుకు రాశావన్న ప్రశ్నకు కాదు.

అమ్మాయీ, నీకూ ఒక మాట. నెత్తురు తక్కువుంటే బాధ్యతగా రాసినట్టు, ఎక్కువుంటే దిగజారినట్టు అనుకోవద్దు. దెబ్బను పూర్తిగా దాచి, "ఆ తర్వాత జరిగింది చెప్పడానికి మాటలు చాలవు" అని ఒక్క వాక్యంతో దాటేసే నవలలున్నాయి. అది దొరకు చేసిన సాయమే. ఏం చేశాడో రాయకపోతే ఆయన ఏమీ చేయనట్టే ఉంటుంది. కొన్నిచోట్ల గాయం వివరంగానే రాయాలి, ఎందుకంటే ఆ గాయం ఎన్నాళ్లకు మానిందో, ఎన్ని కూలిరోజులు మింగిందో అప్పుడే తెలుస్తుంది. సగంలో మూసినందుకు నిన్ను ఎవరూ తప్పు పట్టరు. అయితే నువ్వు ఆపిన చోటు దెబ్బ పడే చోటే. తీర్పు చెప్పే ముందు ఆ ఘట్టం వదిలేసి, దాని తర్వాతి అధ్యాయం ఒక్కటి చదువు. దెబ్బలు తిన్న మనిషి అందులో ఉన్నాడా, ఉంటే వీపు నొస్తుందా చూడు. మనిషే లేకుంటే నువ్వు చెప్పిందే నిజం.

ఆ నవల చివర్లో జనం గుమస్తాను పట్టుకొని కొట్టే ఘట్టం ఒకటుందని మీరే చెప్పారు. మీరందరూ అక్కడ చప్పట్లు కొట్టినట్టున్నారు. అదే పెన్సిలు అక్కడ కూడా పట్టండి. గుమస్తా మంచివాడని నేననడం లేదు. దొర పేరు చెప్పి కొట్టించింది అట్లాంటివాళ్లే. కానీ అక్కడ కూడా "త" సున్నా ఉండి, గుమస్తా కూడా ఒక్క వాక్యానికీ కర్త కాకుంటే, రచయిత దొర కొరడాను ఇంకొకరి చేతికి ఇచ్చాడంతే. కొట్టినవాళ్లు ఆ రాత్రి ఎట్లా నిద్రపోయారో, తెల్లారి ఎవరి ముఖం ఎవరు చూశారో రాశాడా చూడండి.

నా రెండో కథ ఆ పత్రికకు పంపితే తిప్పి పంపారు. పోరాటం మీద కథకు ఊపు తక్కువైందట. నాయినమ్మకు మాత్రం చదివి వినిపించిన. ఈసారి మధ్యలో ఏమీ అడగలేదు. బర్రెకు నీళ్లు పెట్టే చోట తల ఊపింది. అయిపోయినంక చాలాసేపు గింజలు తీస్తూ కూర్చుంది.

"అంత మంచిగనే రాసినవు గని," అంది, "నులక మంచమెక్కడిదిరా మాకు? గొంగడి పరుచుకొని కిందనే పండినం."

మీ తాత