అపోహలు – వాస్తవాలు: సిద్ధాంత మోడల్‌లో ప్రమేయాల పేరా

ఆర్థికశాస్త్ర సిద్ధాంత పేపర్ ఏది చేతికొచ్చినా నేను ముందు చదివేది ప్రమేయాల పేరా. "ఇలా అనుకుందాం" అంటూ రచయిత తన మోడల్‌కు గీసుకున్న హద్దులన్నీ అక్కడే ఉంటాయి. ఆ పేరాను చాలామంది త్వరగా దాటేయాల్సిన లాంఛనంగా భావిస్తారు. అందుకు కారణమైన కొన్ని అపోహలను ఒకే చిన్న మోడల్ ఆధారంగా ఇక్కడ పరిశీలిస్తాను. యజమాని, ఉద్యోగి, కంటికి కనిపించని శ్రమ: ఆర్థికశాస్త్ర విద్యార్థులందరికీ పరిచయమైన మోడలే ఇది.

నా దగ్గరకు వచ్చే చిత్తుప్రతుల్లో ఈ పేరా సాధారణంగా ఇలా ఉంటుంది:

"యజమాని, ఉద్యోగి ఇద్దరూ రిస్క్ తటస్థులు. ఉద్యోగి శ్రమ యజమానికి కనిపించదు. వేతనం సున్నా కంటే తగ్గరాదు. సాధారణతకు నష్టం లేకుండా, ఉద్యోగి ప్రత్యామ్నాయ ఆదాయం సున్నా అనుకుందాం."

పైకి చూస్తే నాలుగు వాక్యాలూ వ్యాకరణపరంగా, గణితపరంగా చక్కగానే కనిపిస్తాయి. అయినా ఒక వాక్యంలో తప్పుంది. దాన్ని పట్టుకోవాలంటే ముందు అంకెలు కావాలి.

పని ఫలిస్తే 100 వస్తుంది, ఫలించకపోతే ఏమీ రాదు. ఉద్యోగి శ్రమిస్తే ఫలించే సంభావ్యత 3/4, శ్రమించకపోతే 1/4. శ్రమించడం వల్ల ఉద్యోగికి పడే భారం 20. పని ఫలించనప్పుడు వేతనం సున్నా, ఫలించినప్పుడు w. ఉద్యోగి శ్రమించాలంటే (3/4 − 1/4)·w ≥ 20 కావాలి, అంటే w కనీసం 40 ఉండాలి. అప్పుడు ఉద్యోగికి సగటున 30 అందుతుంది. అందులో 20 శ్రమ భారానికి పోగా 10 మిగులుతుంది. యజమానికి సగటున 75 − 30 = 45 దక్కుతుంది. శ్రమ అవసరం లేదనుకుని వేతనమే ఇవ్వకపోతే దక్కేది 25. కాబట్టి యజమాని 40 ఇవ్వడానికే సిద్ధపడతాడు. ఉద్యోగి చేతిలో మిగిలిన ఆ 10 గురించే పేపర్ అంతా.

అపోహ: ప్రమేయాలన్నీ ఒకే రకం, వరుసగా పేర్కొంటే చాలు.

వాస్తవం: కొన్ని ప్రమేయాల మీద ఫలితం నిలబడి ఉంటుంది, కొన్ని లెక్కను తేలిక చేయడానికే ఉంటాయి. ఏది ఏ రకమో తెలియాలంటే ఒక్కొక్కదాన్ని తీసేసి లెక్క మళ్లీ చేయాలి. వేతనం సున్నా కంటే తగ్గరాదన్న షరతును తీసేద్దాం. పని ఫలిస్తే 30 ఇచ్చి, ఫలించకపోతే 10 జరిమానా వేయవచ్చు. రెండింటి మధ్య తేడా ఇప్పటికీ 40 కాబట్టి ఉద్యోగి శ్రమిస్తాడు. కానీ అతనికి సగటున అందేది 22.5 − 2.5 = 20 మాత్రమే. మిగులు మాయమైంది, యజమాని లాభం 55కు చేరింది. అంటే శ్రమ కనిపించకపోవడం ఒక్కటే యజమానికి నష్టం తెచ్చిపెట్టదు. వేతనానికి అడుగు హద్దు కూడా తోడైతేనే నష్టం వస్తుంది. ఈ మాటను పేరాలోనే చెప్పాలి, రుజువులో వెతుక్కునే పని పాఠకుడికి పెట్టకూడదు.

రిస్క్ తటస్థత చేసే పని వేరు. ఉద్యోగికి రిస్క్ అంటే భయం ఉంటే, ఫలితాన్ని బట్టి వేతనం 40 మేర ఊగిసలాడటమే అతనికి అదనపు భారం. దానికి యజమాని పరిహారం చెల్లించుకోవాలి. అప్పుడు అడుగు హద్దు లేకపోయినా నష్టం తప్పదు. రిస్క్ తటస్థత ఈ రెండో దారిని మూసేసి, మిగులు ఏర్పడే దారిని ఒక్కదాన్నే తెరిచి ఉంచుతుంది. "లెక్క సులువు కావడానికి" అని రాస్తే ఈ విషయం మరుగున పడిపోతుంది.

పని ఫలితాలు రెండే అనుకోవడం మాత్రం చాలావరకు సౌలభ్యం కోసమే. మిగులు ఉంటుందన్న ఫలితానికి దానివల్ల ముప్పు లేదు. ఒప్పందం ఏ రూపంలో ఉంటుందనే దాని గురించి పేపర్ ఏమైనా తేల్చి చెబితే, అది మాత్రం ఈ ప్రమేయం మీద ఆధారపడుతుంది. ఒక్క వాక్యంలో ఆ తేడా చెబితే సరిపోతుంది.

అపోహ: "సాధారణతకు నష్టం లేకుండా" అన్నది మర్యాద కోసం వాడే మాట.

వాస్తవం: అది రుజువు చూపాల్సిన వాదన. పై పేరాలో ఉన్న తప్పు ఇదే. ఉద్యోగికి బయట 4 వచ్చే ప్రత్యామ్నాయం ఉందనుకోండి. యజమాని ఇంకా 40 ఇస్తాడు, ఉద్యోగికి నికరంగా 10 వస్తుంది, కానీ ప్రత్యామ్నాయం మీద అతను పొందే మిగులు 6 మాత్రమే. బయట 10 వస్తే మిగులు సున్నా. బయట 15 వస్తే యజమాని అసలు 40తో ఆగలేడు, అతన్ని రప్పించడానికే సుమారు 46.7 ఇవ్వాలి. శ్రమ కనిపించినా యజమానికి సగటున అంతే ఖర్చయ్యేది. పేపర్ ఏ మిగులు గురించి రాశారో ఆ మిగులే లేకుండా పోయింది.

కారణం సులువైనదే. ఇక్కడ ఫలితాన్ని నిర్ణయించేది ప్రత్యామ్నాయ ఆదాయం ఎంత అన్నది కాదు, అడుగు హద్దుకూ ప్రత్యామ్నాయానికీ మధ్య ఉన్న దూరం. ఆ రెండింటిలో ఒకదాన్ని సున్నా చేసుకోవచ్చు, ఎందుకంటే వేతనాలన్నింటినీ ఒకే మొత్తంతో జరిపితే ఏమీ మారదు. రెండింటినీ ఒకేసారి సున్నా చేస్తే వాటి మధ్య దూరమే సున్నా అని నిశ్శబ్దంగా నిర్ణయించినట్టు. వేతనానికి అడుగు హద్దు లేని మోడల్‌లో ఇదే వాక్యం నిజంగానే నిరపాయకరం. అక్కడి నుంచి తెచ్చి ఇక్కడ అతికించడం వల్లే పొరపాటు జరుగుతుంది. నేనూ ఒకప్పుడు అలాగే అతికించాను. ఒక సెమినార్‌లో వెనక వరుసలోంచి ఒక యువతి "ప్రత్యామ్నాయం కాస్త పెరిగితే మీ రెండో ప్రతిపాదన నిలుస్తుందా?" అని అడిగింది. నిలవలేదు. ఆ ప్రశ్న వచ్చినందుకు ఇప్పటికీ సంతోషిస్తాను, పేపర్ అచ్చుకు వెళ్లకముందే వచ్చింది కాబట్టి.

ఆ మాట రాసే ముందు నేను చేసే పరీక్ష ఒక్కటే. ఏ సాధారణ సందర్భాన్నైనా కొలమానం మార్చో, మొత్తం జరిపో ఈ ప్రత్యేక సందర్భంగా మార్చగలనా, ఫలితాన్ని తిరిగి వెనక్కి తీసుకెళ్లగలనా? ఒక్క పంక్తిలో చూపలేకపోతే ఆ మాట తీసేసి "ప్రత్యామ్నాయ ఆదాయం అడుగు హద్దుతో సమానం అనుకుంటున్నాం" అని నేరుగా రాస్తాను.

అపోహ: "ఈ రంగంలో అందరూ ఇలాగే అనుకుంటారు" అంటే సమర్థన అయిపోయినట్టే.

వాస్తవం: రాబర్ట్ సోలో 1956లో ఆర్థిక వృద్ధి మీద రాసిన వ్యాసం మొదట్లోనే ఈ సంగతి తేల్చాడు. సిద్ధాంతం ఏదైనా పూర్తిగా నిజం కాని ప్రమేయాల మీదే ఆధారపడుతుంది. అయితే ఏ ప్రమేయం కాస్త కదిలితే ముగింపు బాగా కదులుతుందో అదే కీలకమైనది, అది మాత్రం వాస్తవానికి తగినంత దగ్గరగా ఉండాలి. అంటే సమర్థనకు కేటాయించే చోటు ప్రమేయం మోసే బరువును బట్టి ఉండాలి. రిస్క్ తటస్థతకు ఒక వాక్యం చాలు. అడుగు హద్దుకు మూడు వాక్యాలు పట్టినా ఫరవాలేదు.

ఎన్ని వాక్యాలన్నది ఒక ఎత్తు, ఏ కారణం చెబుతున్నామన్నది మరో ఎత్తు. వేతనం సున్నా కంటే ఎందుకు తగ్గరాదు? ఉద్యోగి నుంచి జరిమానా వసూలు చేయడాన్ని చట్టం అనుమతించకపోవడం ఒక కారణం కావచ్చు. అతని దగ్గర చెల్లించే డబ్బే లేకపోవడం మరో కారణం కావచ్చు. గణితంలో రెండూ ఒకే షరతు, కానీ మోడల్‌ను ముందుకు తీసుకెళ్లినప్పుడు దారులు వేరవుతాయి. కారణం డబ్బు లేకపోవడమే అయితే, 6 పొదుపు ఉన్న ఉద్యోగి ఆ 6 ముందే డిపాజిట్‌గా పెట్టగలడు. పని ఫలిస్తే 34, ఫలించకపోతే −6. తేడా 40 నిలిచింది, మిగులు 10 నుంచి 4కు దిగింది. పొదుపు 10కి చేరితే మిగులే ఉండదు. "పేద ఉద్యోగికే ఎక్కువ మిగులు" అన్న ప్రతిపాదన ఈ కారణం నుంచే పుడుతుంది. కారణం చట్టమే అయితే ఆ ప్రతిపాదన రాసే హక్కు రచయితకు లేదు, హద్దు అందరికీ ఒకటే కాబట్టి. పేరాలో చట్టం అని చెప్పి, ఐదో విభాగంలో పొదుపును పెంచి చూపించే పేపర్లు నేను సమీక్షించాను. అక్కడ తప్పు లెక్కలో లేదు, సమర్థనలో ఉంది.

అపోహ: ప్రమేయం వల్ల వచ్చే పర్యవసానాన్ని మనమే బయటపెడితే సమీక్షకుడికి ఆయుధం ఇచ్చినట్టు.

వాస్తవం: పర్యవసానాన్ని బయటపెట్టినప్పుడే ఫలితానికి పదును వస్తుంది. పని ఫలిస్తే వచ్చేది 100 బదులు R అనుకుందాం. శ్రమ వల్ల సగటున పెరిగేది R/2, దాని భారం 20. కాబట్టి R 40 దాటితే శ్రమించడమే ఇద్దరికీ కలిపి మేలు. కానీ యజమానికి ఖర్చయ్యేది 20 కాదు, 30. అందువల్ల R కనీసం 60 ఉంటేనే అతను శ్రమ కోరతాడు. 40కీ 60కీ మధ్య మేలైన శ్రమ జరగకుండా పోతుంది. అడుగు హద్దును తీసేస్తే ఈ అంతరం మూసుకుపోతుంది. "మా ఫలితం ఈ షరతు వల్లే వచ్చింది, ఈ మధ్య ప్రాంతంలోనే వర్తిస్తుంది" అని రాసిన రచయితను సమీక్షకుడు అడగడానికి మిగిలేది తక్కువ.

అపోహ: ఈ పేరాను ముందే రాసేసి, రుజువులకు వెళ్లాలి.

వాస్తవం: చిత్తు ముందే రాసుకోవచ్చు, తుది రూపం మాత్రం రుజువుల తర్వాతే. రుజువుల్లో ప్రతి పంక్తి పక్కన అది వాడుకున్న ప్రమేయం పేరు రాస్తాను. ఎక్కడా పేరు పడని ప్రమేయాన్ని కొట్టేస్తాను. పేరాలో లేని ప్రమేయం రుజువులో దొరికితే పేరాలోకి తెస్తాను. ఈ మోడల్‌లో అలా దొరికేది ఒకటుంది: పని ఫలించాక యజమాని 40 ఇస్తాడని ఎవరు హామీ? ఫలితం మూడో వ్యక్తి ముందు నిరూపించదగినదై ఉండాలి, ఒప్పందం నుంచి యజమాని వెనక్కి తగ్గలేకపోవాలి. మొదటి పేరాలో ఈ రెండూ లేవు.

వాటినీ చేర్చి తిరగరాస్తే ఇలా వస్తుంది:

"ఉద్యోగి శ్రమ యజమానికి కనిపించదు. పని ఫలితం మాత్రం ఇద్దరికీ కనిపిస్తుంది, న్యాయస్థానంలో నిరూపించదగినది, ఒప్పందం ఇద్దరినీ కట్టిపడేస్తుంది. కాబట్టి వేతనం ఫలితం మీదే ఆధారపడగలదు. ఉద్యోగికి పొదుపు లేదు, అందువల్ల వేతనం సున్నా కంటే తగ్గరాదు. మా ప్రధాన ఫలితం ఈ ప్రమేయం మీదే నిలుస్తుంది. పొదుపు పెరిగేకొద్దీ మిగులు ఎలా కరుగుతుందో ఐదో విభాగంలో చూపుతాం. ఇద్దరూ రిస్క్ తటస్థులు. దీనివల్ల రిస్క్ పంచుకోవడం నుంచి వచ్చే నష్టం తొలగి, మిగులు వల్ల వచ్చే నష్టం ఒక్కటే మిగులుతుంది. ప్రత్యామ్నాయ ఆదాయం u ≥ 0. అది 10 కంటే తక్కువైనప్పుడే ఉద్యోగికి మిగులు ఉంటుంది. ఆ సందర్భాన్నే పరిశీలిస్తాం. పని ఫలితాలు రెండే అనుకోవడం వివరణ సులువు కావడానికి. మిగులు ఉండటం దాని మీద ఆధారపడదు, ఒప్పందం రూపం ఆధారపడుతుంది."